బొంతను తిరగేసి చూసిన అత్తయ్య

మొదటి బొంత కుట్టి ముగించిన రోజున దాన్ని మంచం మీద పరిచి అత్తయ్యను పిలిచాను. రంగురంగుల చదరాలను చూసి మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నాను. ఆవిడ వాటిని చూడనే లేదు. ఒక కొస పట్టుకుని తిరగేసి, అడుగు వైపు అరచేత్తో మెల్లగా నిమిరారు. "ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి" అంటూ ముడతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేడు దాకా వచ్చాక కళ్ళజోడు తీసి, "మిగతావి రేపు చూద్దాంలే అమ్మాయ్" అన్నారు.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇల్లు. ఇరవై ఏళ్ళుగా జాకెట్లు, పిల్లల గౌనులు కుడుతున్నాను. చంక దగ్గర ముడత రాకుండా చేయి అతికించగలిగిన దానికి, నాలుగు పలకల గుడ్డను నిట్టనిలువుగా కుట్టడం ఒక లెక్కా అనుకున్నాను. లెక్కేనని ఆ పదిహేడు ముడతలు చెప్పాయి. జాకెట్టుకు రెండు పొరలుంటాయి, రెండూ గుడ్డలే. బొంతకు మూడు పొరలు. మధ్యనున్నది గుడ్డ కాదు. తేడా అంతా అక్కడే ఉందని రెండో బొంత కుట్టేదాకా నాకు తెలియలేదు.

ఆ మధ్య పొరను ఇంగ్లీషులో బ్యాటింగ్ అంటారు. మావారితో "బ్యాటింగ్ ఎంచుకోవడంలోనే పొరపాటు చేశాను" అంటే, టాస్ ఎవరు గెలిచారని అడిగారు. అప్పటినుంచి మా ఇంట్లో దాన్ని దూది పొర అనే అంటున్నాం.

మొదటి బొంతకు నేను వేసింది పాలిస్టర్ షీటు. పరుపుల సామాను అమ్మే కొట్లో చుట్టలుగా దొరుకుతుంది. బరువును బట్టి వంద జీఎస్‌ఎం, నూట యాభై, రెండు వందలు అని అడగాలి. చదరపు మీటరుకు అన్ని గ్రాములు తూగుతుందని అర్థం. బొంత అంటే ఉబ్బుగా ఉండాలి కదా అని రెండు వందలది తెచ్చాను. చేతిలో పట్టుకుంటే మబ్బు తునకలా ఉంది. మిషను కింద పెట్టాక ఆ మబ్బు చుక్కలు చూపించింది. పాదం ముందు గుడ్డ అలలా లేచేది. కుట్టు సాగేకొద్దీ ఆ అల పెద్దదయ్యేది. అడ్డంగా వేసిన ఇంకో కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఎటూ పోలేక అక్కడే మడత పడిపోయేది. పైకి కనిపించినవి నేను విప్పి కుట్టాను. అడుగున పడ్డవి అత్తయ్య పట్టుకున్నారు.

ఎందుకిలా అవుతుందో తేల్చుకోవాలని ఒకరోజు మధ్యాహ్నం కూర్చున్నాను. ఒకే గుడ్డలోంచి రెండంగుళాల వెడల్పు, ఇరవై నాలుగు అంగుళాల పొడవుతో రెండు పట్టీలు కత్తిరించాను. ఒకదాని మీద ఒకటి పెట్టి, పిన్నులు పెట్టకుండా, చేత్తో లాగకుండా, మిషను ఎలా తీసుకుపోతే అలా కుట్టాను. మొదలులో రెండూ సమానంగా ఉన్నాయి. చివరికి వచ్చేసరికి పై పట్టీ పావు అంగుళం ముందుకు పొడుచుకు వచ్చింది. రెండు పట్టీల మధ్య పాలిస్టర్ షీటు ముక్క పెట్టి మళ్ళీ కుడితే తేడా అర అంగుళం దాటింది.

సంగతేమిటంటే, మిషను పళ్ళు అడుగు గుడ్డను మాత్రమే పట్టుకుని వెనక్కి లాగుతాయి. పైనున్న పాదానికి పళ్ళు లేవు. అది గుడ్డను అదిమి పట్టుకుంటుందేగాని నడిపించదు. కాబట్టి ప్రతి కుట్టుకూ అడుగు గుడ్డ పూర్తిగా కదిలితే, పై గుడ్డ పాదానికి రాసుకుని కాస్త వెనకబడుతుంది. ఒక్కో కుట్టులో వెనకబడేది వెంట్రుకవాసి. అరవై అంగుళాల వరుసలో అవన్నీ కూడి వేలెడు గుడ్డ మిగిలిపోతుంది. రెండు గుడ్డలే అయితే ఒకదాన్నొకటి పట్టుకుని కొంతవరకు కలిసి నడుస్తాయి. మధ్యలో నునుపైన, ఉబ్బెత్తుగా ఉండే పాలిస్టర్ ఉంటే ఆ పట్టు కూడా పోతుంది. పై గుడ్డ దాని మీద జారుతుంది.

ఈ సంగతి చెబితే అత్తయ్య నవ్వారు. "మేము పాత చీరలు నాలుగైదు మడతలు వేసి చేత్తో కుట్టేవాళ్ళం. ముడతలు ఎక్కడినుంచి వస్తాయి?" అన్నారు. నిజమే. చేతి సూది అన్ని పొరలనూ ఒకేసారి గుచ్చుకుంటూ పోతుందేగాని దేన్నీ ముందుకు తోయదు, వెనక్కి లాగదు. పైగా నూలు చీర మీద నూలు చీర వేస్తే కదలమన్నా కదలవు. పాత బొంతలో దూది పొర లేదు, మిషనూ లేదు. నాకు రెండూ ఉన్నాయి, అందుకే రెండు తలనొప్పులూ ఉన్నాయి.

రెండో బొంతకు ముందు దూది పొర సంగతి తేల్చుకోవాలనుకున్నాను. పత్తికి పేరుపడిన గుంటూరులో ఉండి పాలిస్టర్ వెతుక్కోవడమేమిటన్న పట్టుదల కూడా కొంత ఉంది. దూది ఏకి పరుపులు కుట్టే కొట్టుకు వెళ్ళాను. కొట్టు సాయిబుగారు పెద్దాయన. ఒకప్పుడు విల్లుతో ఏకిన చేతులు, ఇప్పుడు ఏకే యంత్రం పెట్టుకున్నారు. బొంత మధ్యలో పెట్టి మిషను మీద కుట్టడానికి కిలో దూది కావాలన్నాను.

"మిషను మీదనా? వద్దమ్మా" అన్నారాయన. గుప్పెడు దూది తీసి రెండు చేతులతో మెల్లగా విడదీశారు. ఏ అడ్డూ లేకుండా రెండుగా విడిపోయింది. "చూశారా, దీనికి తాడూ బొంగరం లేదు. పరుపులోనైతే గట్టిగా కూరతాం కాబట్టి ఉంటుంది. రజాయిలోనైతే చేత్తో దగ్గర దగ్గరగా కుడతాం. ఒక్కసారి ఉతికారంటే మూలకు పోయి ముద్ద కడుతుంది. దీన్ని ఎండలో వేసుకోవాలేగాని నీళ్ళలో వేయకూడదు."

ఆయన బేరం వదులుకుని చెప్పిన మాట అది. నాకు కావలసింది ఉతుక్కునే బొంత. బెంగుళూరు హాస్టల్లో ఉండే మా అమ్మాయి దాన్ని ఎండలో వేసి కర్రతో దులుపుతుందని నేను కల కూడా కనను.

బొంతల కోసమే తయారుచేసే నూలు బ్యాటింగ్ వేరే ఉంది. అదీ దూదే, కానీ పరిచిన దూదిలోకి ముళ్ళున్న సూదులను వేలకొద్దీ గుచ్చి తీస్తారు. దాంతో పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని పలుచని కంబళిలాంటి షీటు తయారవుతుంది. కొన్ని రకాలలో ఒకవైపు సన్నని వలలాంటి పొర కూడా కలుపుతారు. ఎంత గట్టిగా చిక్కుకుంటే కుట్టు వరుసలు అంత దూరంగా వేసుకోవచ్చు. ఆ దూరం ఎంతో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా కొనకూడదు. సూదులతో చిక్కించని రకాలకు రెండు మూడు అంగుళాలకొక వరుస కావాలి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన దానికి ఎనిమిది అంగుళాల వరకు ఫరవాలేదు. నా చదరాలు ఆరంగుళాలవి, కాబట్టి ప్రతి అతుకు వెంట కుడితే సరిపోతుంది.

అయినా ఒకసారి దెబ్బతిన్నదాన్ని, ప్యాకెట్ మీద రాతను వెంటనే నమ్మలేదు. పది అంగుళాల చదరాలు మూడు కుట్టాను. ఒకదానిలో మిగిలిన పాలిస్టర్ షీటు, ఒకదానిలో నూలు షీటు, ఇంకోదానిలో అత్తయ్య పాత నూలు చీర నాలుగు మడతలు. మూడింటినీ వేడినీళ్ళలో ఉతికి ఆరేశాను. పాలిస్టర్‌ది కొలతలో ఏమీ మారలేదు, కానీ పైన వేసిన ముదురు నీలం గుడ్డలోంచి తెల్లని పోగులు పిల్లి బొచ్చులా బయటికి వచ్చాయి. చీర మడతలది చక్కగా ఉంది. ఎండాకాలం కప్పుకోవడానికి ఇప్పటికీ నా ఓటు దానికే. అయితే నాలుగు మడతల బరువు చేతికి తెలుస్తోంది, పైగా మధ్యలో చీర అంచు వచ్చిన చోట సూది మొరాయించింది. నూలు షీటుది పదికి మూడు ఎనిమిదో వంతుల అంగుళం తగ్గి, ఒళ్ళంతా సన్నగా ముడుచుకుంది. నూలు బ్యాటింగ్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోతుంది. అరవై అంగుళాల బొంతయితే మూడు అంగుళాల దాకా పోతుందన్నమాట. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఈ ముడుచుకోవడానికీ, మిషను కింద పడే మడతకూ తేడా ఉంది. షీటు కుంచించుకుపోతే కుట్టుకూ కుట్టుకూ మధ్య గుడ్డంతా ఒకేలా సన్నగా ముడుచుకుంటుంది, వేలితో లాగితే సాఫీగా విచ్చుకుంటుంది. మడత అలా కాదు. గుడ్డ తన మీద తానే పడుకున్నాక దాని మీద కుట్టు పడిపోతుంది. ఎంత లాగినా విప్పుకోదు. మొదటిది కొందరికి ఇష్టం, నాకూ ఇష్టమే. రెండోదానికి ఉతుకు మీద నెపం వేయడం నన్ను నేను మోసం చేసుకోవడమే.

పాలిస్టర్‌ను పూర్తిగా తీసిపారేయను. తేలిక, త్వరగా ఆరుతుంది, కుంచించుకుపోదు. ఎనభై వంతుల నూలు, ఇరవై వంతుల పాలిస్టర్ కలిపినవి కూడా ఉన్నాయి. కానీ మామూలు ఇంటి మిషను మీద కొత్తగా కుట్టేవాళ్ళు రెండు వందల జీఎస్‌ఎం షీటు జోలికి పోకపోవడం మంచిది. నూలు షీటు గుడ్డను పట్టుకుంటుంది. ఒక ముక్క మీద గుడ్డ పరిచి నిలువుగా ఎత్తి చూడండి. నూలు షీటు మీద గుడ్డ కాసేపు అంటిపెట్టుకుని ఉంటుంది, పాలిస్టర్ మీద నుంచి వెంటనే జారుతుంది. కొట్లో నిలబడి చేసుకోగలిగిన పరీక్ష ఇది.

పై గుడ్డకు పెడన కలంకారీ ముక్కలు, అడుగుకు మంగళగిరి నూలు గుడ్డ తీసుకున్నాను. కొన్నాళ్ళుగా దాచుకున్న ముక్కలు చాలక విజయవాడ వస్త్రలతలో ఇంకొన్ని కొన్నాను. అన్నిటినీ విడివిడిగా తడిపి ఆరేశాను. ఎర్రటి ముక్క నీళ్ళను టీ డికాక్షన్ చేసింది. రంగు వదలడం మానేదాకా నాలుగుసార్లు తడపాల్సి వచ్చింది. ఆరున్నర అంగుళాల చదరాలు ఎనభై కత్తిరించి, పావు అంగుళం లోపలికి కుడితే, అడ్డం ఎనిమిది, నిలువు పది, మొత్తం నలభై ఎనిమిదికి అరవై అంగుళాల పై గుడ్డ తయారైంది. అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. పన్నా చాలలేదు కాబట్టి ఒక పక్క పట్టీ అతికించాను. ఆ అతుకు నడిమధ్యకు రాకుండా చూసుకున్నాను. నడిమధ్యలో ముందు కుట్టు పడుతుంది, అక్కడ మందం ఉండకూడదు.

అసలు పని నేల మీద జరిగింది. మొదటిసారి మంచం మీద పరిచి, ముప్పై పిన్నీసులు పెట్టి చేతులు దులుపుకున్నాను. పరుపు మీద ఏదీ చదునుగా ఉండదని ఇప్పుడు తెలుసు. ఈసారి హాల్లో సోఫా జరిపించి, నేల తుడిచి ఆరనిచ్చి, అడుగు గుడ్డను తిరగవైపు పైకి వచ్చేలా పరిచాను. రెండడుగుల టైల్స్ గీతల మీదికి అంచులు వచ్చేలా సరిచేస్తే వంకర లేదని తెలుస్తుంది. తర్వాత మాస్కింగ్ టేపుతో అంటించాను. ముందు ఎదురెదురు అంచుల మధ్యలు, తర్వాత మూలల వైపు. ఇక్కడ ఒక తప్పు చాలా సులభంగా జరుగుతుంది. చదునుగా ఉండాలని గుడ్డను సాగదీసి అంటిస్తాం. టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుంటుంది, పైనున్న రెండు పొరలకు చోటు చాలక ఉబ్బుతాయి. మొదటి బొంతలో పదిహేడు ముడతల్లో సగం మిషను పాపం, మిగతా సగం ఇలాంటి పాపం. చేయి ఆనిస్తే ముడత ఉండకూడదు, వేలితో మీటితే డప్పులా బిగుతుగానూ ఉండకూడదు. ఆ మధ్యస్థమే కావాలి.

నూలు షీటును ముందు రాత్రే మంచం మీద విప్పి పెట్టాను. ప్యాకెట్‌లో మడతల గీతలు దానికి ఉంటాయి. తెల్లారేసరికి చాలావరకు సాగాయి. దాన్ని మధ్యనుంచి అంచులకు అరచేత్తో సర్దుతూ పరిచాను. దాని పైన ఇస్త్రీ చేసిన పై గుడ్డ. పిన్నీసులు మధ్య చదరాల నుంచి మొదలుపెట్టి చదరానికి రెండు చొప్పున, ఎదురుమూలలకు దగ్గరగా, అతుకు మీద పడకుండా గుచ్చాను. మొత్తం నూట అరవై. పిన్నీసుకూ పిన్నీసుకూ మధ్య నా పిడికిలి పట్టేంత దూరం, అంటే సుమారు నాలుగు అంగుళాలు. అన్నీ గుచ్చాకే మూయాలి. ఒక్కొక్కటీ మూస్తూ పోతే మూసినప్పుడల్లా గుడ్డ కాస్త కదులుతుంది. వంపు తిరిగిన పిన్నీసులు వేరే వస్తాయిగాని, నేను మామూలువే వాడాను. మూయడానికి చెంచా తోకతో మొనను పైకెత్తితే గోళ్ళు మిగులుతాయి. మన ఊళ్ళో చెమ్మకు చవకరకం పిన్నీసులు తుప్పు మరక వేస్తాయి కాబట్టి వారాల తరబడి వాటిని గుడ్డలో వదలకూడదు.

అత్తయ్య కుర్చీలో కూర్చుని ఇదంతా చూశారు. "నూట అరవై పిన్నీసులు పెట్టే ఓపికుంటే చేత్తోనే కుట్టేయొచ్చు కదే" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఇక మిషను. మామూలు పాదం తీసి వాకింగ్ ఫుట్ పెట్టాను. దీనికి సొంతంగా పళ్ళుంటాయి. పక్కనున్న చేయి సూదిని బిగించే మరకు తగులుకుని ఉంటుంది. సూది లేచినప్పుడు చేయి లేస్తుంది, దాంతో పై పళ్ళు కింది పళ్ళతో అడుగు కలుపుతాయి. పై గుడ్డ, అడుగు గుడ్డ ఒకే నడక నడుస్తాయి. చేయి మర మీద సరిగా కూర్చోకపోతే పాదం పెట్టీ పెట్టనట్టే, కాబట్టి చక్రాన్ని చేత్తో రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. పాదం ఒత్తిడి మరను కొంచెం సడలించాను. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు పెట్టాను. జాకెట్టుకు వాడే రెండున్నర ఇక్కడ దగ్గరైపోయి గుడ్డను కొరుకుతుంది. సూది పద్నాలుగు నంబరు, కొత్తది. పైనా బాబిన్‌లోనూ ఒకే దారం. మిగిలిన ముక్కలతో అచ్చం అలాంటి మూడు పొరల నమూనా చేసి దాని మీద దారం బిగువు చూసుకున్నాను. కుట్టు మధ్య పొరలో ముడిపడాలి. అడుగున దారం తీగలా చాపుకుని కనిపిస్తే బాబిన్ దారం బిగుతుగా ఉన్నట్టో, పై దారం వదులుగా ఉన్నట్టో లెక్క.

ఆ నమూనా మీదే ఇంకో పాఠం దొరికింది. పక్కపక్కన నాలుగు గీతలు కుట్టాను. పై నుంచి కిందికి ఒకటి, తిప్పి కింది నుంచి పైకి ఇంకొకటి, నాగలి చాళ్ళు తిరిగినట్టు. పిన్నులు సరిగానే ఉన్నాయి, పాదమూ ఉంది. అయినా గీతకూ గీతకూ మధ్య గుడ్డ ఏటవాలుగా ఈడ్చినట్టయింది. వాకింగ్ ఫుట్ తేడాను తగ్గిస్తుందిగాని పూర్తిగా పోగొట్టదు. ఒక గీత గుడ్డను కాస్త కిందికి తోస్తే పక్క గీత కాస్త పైకి తోస్తుంది. అన్నీ ఒకే వైపుకు కుడితే ఆ కాస్త గుడ్డ అందరితో కలిసి ఒకే వైపుకు పోయి, తెరిచి ఉన్న అంచు నుంచి బయటపడుతుంది. మిగులు గుడ్డకు బయటపడే దారి ఉంటే అది మడత పడదు. దారి మూసేది మనమే, అడ్డుకుట్టు వేసి.

అందుకని ముందు నడిమధ్య అతుకు వెంట నిలువుగా ఒక కుట్టు, తర్వాత నడిమధ్యన అడ్డంగా ఒకటి వేశాను. బొంత నాలుగు భాగాలైంది. తర్వాత ఒక్కో సగాన్ని మళ్ళీ సగం చేస్తూ నిలువు, అడ్డం కుట్లు. ఇలా దూరదూరంగా నిలబెట్టాక మిగతా అతుకులను నింపుకుంటూ పోయాను. కుడివైపు సగంలో నిలువు కుట్లన్నీ పై అంచు నుంచి మొదలు. ఎడమ సగానికి బొంతను తిప్పుకున్నాను, లేకపోతే చుట్ట మొత్తం మిషను చేతి కింద ఇరుక్కుంటుంది. కుట్టు అతుకులోని పల్లం వైపు, అంటే మడిచిన గుడ్డ లేని వైపు పడాలి. మిట్ట మీదికి ఎక్కితే పాదం కుంటుతుంది.

నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా తక్కువ ఆర్భాటంగా కనిపించే పని బొంత బరువును మోయడం. బల్ల అంచు నుంచి బొంత కిందికి వేలాడితే ఆ బరువు సూది దగ్గర గుడ్డను లాగుతుంది, కుట్లు పొట్టివైపోతాయి, పై పొర సాగుతుంది. బల్లను గోడకు జరిపాను. ఎడమవైపు ఇస్త్రీ బల్లను అదే ఎత్తుకు పెట్టాను. ఒడిలో కొంత బొంతను కుప్పగా వేసుకున్నాను. ముందు కుట్టే చోట జానెడు మేర మాత్రం చదునుగా ఉంటే చాలు. చేతులు సూదికి అటూ ఇటూ పరిచి గుడ్డను ఆనించి ఉంచాలి, లాగకూడదు, తోయకూడదు. వెనకనుంచి లాగి సాయం చేద్దామన్న ఆశ నాకు జాకెట్ల నుంచి వచ్చిన అలవాటు. దాన్ని మానడానికి రెండు రోజులు పట్టింది.

ప్రతి అడ్డుకుట్టుకూ అంగుళం ముందు ఆగాను. సూదిని గుడ్డలోనే దించి ఉంచి, ఎడమచేతిని బొంత కిందికి పోనిచ్చి అడుగు గుడ్డను తడిమాను. పైకి కనిపించని ఉబ్బు అరచేతికి తగులుతుంది. పై గుడ్డలో కొంచెం వదులుంటే, పాదం ఒకసారి ఎత్తితే గుడ్డ ఊపిరి పీల్చుకున్నట్టు సర్దుకుంటుంది. ఆ వదులును అంగుళం పొడవునా వేళ్ళతో పరిచి నెమ్మదిగా కుడితే కలిసిపోతుంది. కానీ రెండు వేళ్ళతో గిల్లితే మడత నిలబడేంత ఉంటే మాత్రం బుజ్జగించి లాభం లేదు, విప్పాల్సిందే. ఏడో అడ్డు వరుసలో నాకు అలా ఒకచోట వచ్చింది. ఒక పిన్నీసును ముందే తీసేయడం వల్ల వచ్చిందది. పాదం దగ్గరికి వచ్చాకే పిన్నీసు తీయాలి, రెండు చదరాల ముందు కాదు. ఒక వైపు ప్రతి నాలుగో కుట్టునూ తెంపి, రెండో వైపు నుంచి దారం లాగితే వరుసంతా గుడ్డ చిరగకుండా ఊడి వచ్చింది. ఈసారి వెనక అడ్డుకుట్టు దాకా విప్పి, మధ్యలో మూడు పిన్నీసులు గుచ్చి మళ్ళీ కుట్టాను.

నిలువు ఏడు, అడ్డం తొమ్మిది, మొత్తం పదహారు కుట్లు. రోజుకు గంటన్నర చొప్పున నాలుగు రోజులు పట్టింది. పళ్ళు దించేసి చేత్తో గుడ్డను తిప్పుతూ పూలు, తీగలు కుట్టే పద్ధతి ఇంకొకటి ఉంది. నమూనా ముక్క మీద ప్రయత్నించాను. నా తీగలు వానపాముల్లా వచ్చాయి, దాన్ని అక్కడితో వదిలేశాను.

అంచులు సమంగా కత్తిరించి, రెండున్నర అంగుళాల పట్టీని మడిచి చుట్టూ కుట్టాను. జాకెట్టు మెడ పట్టీ కుట్టిన చేతికి అది మాత్రం కొత్తేమీ కాదు. తర్వాత బొంతను ఉతికి డాబా మీద రెండు తాళ్ళ మీదుగా ఆరేశాను. ఒక్క తాడు మీద వేస్తే తడి బరువుకు మధ్యలో సాగుతుంది. సాయంత్రం టేపు పెట్టి కొలిస్తే వెడల్పు నలభై ఆరు అంగుళాలు, పొడవు యాభై ఏడున్నర. పది అంగుళాల ముక్క చెప్పిన లెక్కకు దగ్గరగానే వచ్చింది.

మంచం మీద పరిచి మళ్ళీ అత్తయ్యను పిలిచాను. ఆవిడ మళ్ళీ తిరగేశారు. అరచేయి మెల్లగా మధ్యనుంచి అంచుకు, అంచు నుంచి మూలకు పోయింది. కాళ్ళవైపు మూలలో, పట్టీ అతికిన చోట ఆగింది. అక్కడ బియ్యపు గింజంత మడత ఉంది. నాకు ముందే తెలుసు, ఆవిడ పట్టుకోరనుకున్నాను.

"ఒకటే" అన్నారు. బొంతను మళ్ళీ తిప్పి, ఆ మూల పరుపు కిందికి పోయేలా సర్ది, అప్పుడు చూశారు పైన కలంకారీ పువ్వులను.